నలభై మందిని నడిపి, పదకొండు మంది దగ్గర బోల్తా

ఒక మేనేజరు కింద నేరుగా ఎంతమంది ఉండొచ్చని కొన్నేళ్ల కిందట నన్నెవరైనా అడిగి ఉంటే తడుముకోకుండా నలభై అనేవాణ్ణి. ఎందుకంటే నేను నడిపింది నలభై మందిని. హైదరాబాద్ శివార్లలో ఒక మాత్రల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ హాల్ బాధ్యత నాది. గొంతు పెంచే పని పడేది కాదు, వేళకు అన్నం తినేవాణ్ణి, షిఫ్టు అయ్యాక బస్సు ఎప్పుడూ తప్పలేదు. ఆ ధీమాతోనే క్వాలిటీ అష్యూరెన్స్ విభాగానికి మేనేజరుగా వెళ్లాను. అక్కడ ఉన్నది పదకొండు మంది. నలభై మందిని చూసినవాడికి పదకొండు మంది ఒక లెక్కా అనుకున్నాను.

ఆ హాల్లో పని ఎందుకంత సాఫీగా నడిచిందో నాకు అప్పట్లో తెలియదు. నా సామర్థ్యం వల్లే అనుకున్నాను. నిజానికి అక్కడ సగం పెత్తనం యంత్రానిదే. బ్లిస్టర్ మెషిన్ ఒక చివర ఫిల్మ్‌లో గుంతలు చేస్తుంది, వాటిలో మాత్రలు పడతాయి, పైన అల్యూమినియం ఫాయిల్ అతుక్కుంటుంది, స్ట్రిప్పులు తెగి బెల్టు మీదికి వస్తాయి. బెల్టుకు ఇరువైపులా ఉన్నవాళ్లు అట్టపెట్టెల్లో సర్దుతారు. ఎంత వేగంగా పనిచేయాలో చెప్పాల్సిన పని నాకు లేదు, బెల్టే చెబుతుంది. ఎలా చేయాలో ఎస్ఓపీలో రాసి ఉంటుంది. గుంతలో మాత్ర లేకపోతే కెమెరా పట్టి ఆ స్ట్రిప్పును పక్కకు నెట్టేస్తుంది. వీటన్నిటికీ తోడు లైనుకొక ఇన్‌చార్జి చొప్పున ఐదుగురు అనుభవజ్ఞులు ఉండేవాళ్లు. ఇవాళ ఎవరు రాలేదు, ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలి అన్నది వాళ్లే తేల్చేసేవాళ్లు. కాగితం మీద నలభై మందీ నాకే రిపోర్ట్ చేసేవాళ్లు కానీ, నా దగ్గరికి ప్రశ్నలతో వచ్చేది ఆ ఐదుగురే. ఆ ప్రశ్నలూ ఎప్పుడూ ఉండేవే: మెషిన్ ఆగింది, కార్టన్లు అయిపోయాయి, బ్యాచ్ మారుతోంది, వచ్చి సంతకం పెట్టండి.

జోన్ వుడ్‌వర్డ్ పరిశోధన గురించి చాలా తర్వాత చదివినప్పుడు ఇది అర్థమైంది. ఆమె 1950ల్లో ఇంగ్లండులోని సౌత్ ఎసెక్స్‌లో వంద కంపెనీలను పరిశీలించారు. కార్మికుల పైన ఉండే మొదటి మెట్టు సూపర్‌వైజరు కింద సగటున ఎంతమంది ఉన్నారో లెక్క తీస్తే, అది తయారీ పద్ధతిని బట్టి మారిపోయింది. ఒక్కో ఆర్డరుకు ఒక్కో వస్తువు చేసేచోట సుమారు 23 మంది. ఒకే వస్తువును రాసులుగా తీసేచోట 48 మంది. రసాయనాల్లాంటివి ఆగకుండా పైపుల్లో ప్రవహించే ప్లాంట్లలో 15 మంది. అంటే రాసులుగా తీసే పనిలో నలభై ఎనిమిది మందిని చూడటం ఘనకార్యమేమీ కాదు, అక్కడ అది మామూలే. నేను నలభై మందిని నడిపానని చెప్పుకోవడంలో నా గొప్ప ఎంతో ఆ లెక్క చూశాక తెలిసింది.

క్వాలిటీ అష్యూరెన్స్‌లో పని వేరు. ప్లాంటులో నిర్దేశించిన పద్ధతికి ఏ చిన్న తేడా జరిగినా దాన్ని డీవియేషన్ అంటారు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఆ బ్యాచ్ మందు రోగికి ఇవ్వొచ్చా, మళ్లీ జరగకుండా ఏం చేయాలి అని ఒకరు విచారణ జరిపి నివేదిక రాయాలి. మా ఎస్ఓపీ ప్రకారం ముప్పై రోజుల్లో అది ముగియాలి. నా పదకొండు మందిలో నలుగురు ఈ విచారణలు చేసేవాళ్లు. మిగతావాళ్లలో ఒకరు బయటి ఫిర్యాదులు, ఇద్దరు మార్పుల అనుమతులు, ఇద్దరు వ్యాలిడేషన్, ఒకరు ముడిసరుకు సరఫరాదారుల తనిఖీ, ఒకరు పత్రాలు, శిక్షణ చూసేవాళ్లు. ఏ ఇద్దరి కాగితమూ ఒకలా ఉండదు.

నాకు ముందు అక్కడ ఇద్దరు సెక్షన్ హెడ్‌లు ఉండేవాళ్లు. నేను చేరిన కొత్తలో ఒకరు వేరే ఉద్యోగానికి వెళ్లారు, ఇంకొకరిని మరో యూనిట్ అడిగింది, పంపేశాను. ఆ కుర్చీలను భర్తీ చేయలేదు. మధ్యలో మెట్టు ఉంటే పని నత్తనడక నడుస్తుందని, అందరూ నేరుగా నా దగ్గరికే వస్తే త్వరగా తెములుతుందని యాజమాన్యానికి నేనే చెప్పాను. రెండు జీతాలు మిగిలాయి కాబట్టి వాళ్లూ సంతోషించారు. అప్పుడు నా చేతిలో ఒక ఆధారం కూడా ఉంది. అమెరికాలోని సియర్స్ దుకాణాల మీద జేమ్స్ వర్తీ 1950లో రాసిన విషయం. కొన్ని దుకాణాల్లో మేనేజరు కింద ముప్పైకి పైగా విభాగాధిపతులు నేరుగా ఉండేవాళ్లు, కొన్నింటిలో మధ్యలో మరో మెట్టు ఉండేది. మెట్టు లేని దుకాణాలే అమ్మకాల్లోనూ, ఉద్యోగుల ఉత్సాహంలోనూ బాగున్నాయి. మేనేజరుకు ప్రతిదాంట్లో వేలు పెట్టే తీరిక లేదు కాబట్టి కిందివాళ్లకు నిర్ణయం వదిలేశాడు, వాళ్లు ఎదిగారు.

నేను గమనించనిది ఒకటుంది. సియర్స్‌లో చెప్పుల విభాగం వాడికి పరదాల విభాగంతో పనిలేదు. ఎవరి సరుకు వారిది, ఎవరి అమ్మకం అంకె వారిది. నెల తిరిగేసరికి ఎవరు బాగా చేశారో ఆ అంకే చెబుతుంది. మేనేజరు ఊరుకున్నా నష్టం లేదు. నా దగ్గర ఒకరి పని ఇంకొకరి పనిలో దూరి ఉంటుంది, బాగా చేశారో లేదో చెప్పే అంకె ఏదీ లేదు, పైగా ప్రతి కాగితం కిందా చివరి సంతకం నాదే. వర్తీ చెప్పిన రెండు సగాల్లో నేను ఒక సగమే తీసుకున్నాను. మెట్టు తీసేశాను, నిర్ణయం మాత్రం వదల్లేదు.

దాని ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదంతం చెబుతాను.

బ్లిస్టర్ స్ట్రిప్పులకు లీక్ టెస్ట్ చేస్తారు. నీలిరంగు ద్రావణంలో స్ట్రిప్పులను ముంచి, మూతపెట్టి, గాలి లాగేసి కాసేపు ఉంచుతారు. గాలి మళ్లీ వదిలాక స్ట్రిప్పు తీసి తుడిచి విప్పి చూస్తే, సీలు సరిగ్గా పడని గుంతలోకి నీలం చేరి ఉంటుంది. తెల్ల మాత్ర మీద నీలం చుక్క కనబడితే ఆ పరీక్ష తప్పినట్టే. ఒక లైనులో రెండు నెలల వ్యవధిలో మూడుసార్లు ఇలా తప్పింది. మూడు వేర్వేరు షిఫ్టులు, ముగ్గురు వేర్వేరు ఆపరేటర్లు. నా దగ్గర విచారణ చేసినవాళ్లూ ముగ్గురు. మొదటి నివేదికలో కారణం: మెషిన్ ఆగి మళ్లీ మొదలయ్యాక ఉష్ణోగ్రత నిలదొక్కుకోకముందు వచ్చిన స్ట్రిప్పులను ఆపరేటర్ పారేయలేదు. పరిష్కారం: ఆపరేటర్‌కు మళ్లీ శిక్షణ. రెండోదీ దాదాపు అదే. మూడోదీ అదే. ముగ్గురూ నిజాయతీపరులే. ఎవరికి వారు తమకు కనబడినది రాశారు. మూడింటి కిందా నా సంతకం ఉంది. ఆ మూడూ శనివారం సాయంత్రం ఇంటికెళ్లే ముందు కట్టలో పెట్టి చేసిన సంతకాలని నాకు గుర్తుంది.

ఒక కస్టమర్ తరఫున తనిఖీకి వచ్చిన పెద్దాయన ఆ మూడు నివేదికలనూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. మొదట నీలం చేరిన గుంతల పటాలు చూపించమన్నారు. మూడు స్ట్రిప్పుల్లో మూడు వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఆయన నెమ్మదిగా అడిగారు: "సీలింగ్ రోలర్ అరిగిపోతే ఎప్పుడూ ఒకే వరసలో లీకవుతుంది కదండీ. ఇక్కడ చెల్లాచెదురుగా ఉంది. ఫాయిల్ ఏమైనా మారిందా?"

మారింది. నాలుగు నెలల కిందట కొత్త సరఫరాదారు దగ్గర్నుంచి ఫాయిల్ కొనడానికి మార్పు అనుమతి మా విభాగమే ఇచ్చింది. దాని కింద కూడా నా సంతకమే. ఫాయిల్‌కు ఒకవైపు వేడికి అతుక్కునే పూత ఉంటుంది. కొత్త ఫాయిల్ మీద ఆ పూత బరువు హద్దుల్లోపలే ఉంది కానీ, కింది అంచుకు దగ్గరగా ఉంది. పాత ఫాయిల్‌కు సరిపోయిన సీలింగ్ ఉష్ణోగ్రత దీనికి కొద్దిగా చాలదు. మామూలుగా నడిచినంతసేపూ సరిపోతుంది, మెషిన్ ఆగి మొదలైనప్పుడు మాత్రం బయటపడుతుంది. ఆపరేటర్లు కొత్తగా ఏమీ చేయలేదు. పాత ఫాయిల్ అప్పుడూ వాళ్లు అలాగే చేసేవాళ్లు, అది తట్టుకునేది.

మార్పు అనుమతి చూసిన అమ్మాయికి లీక్ టెస్ట్ సంగతి తెలియదు. విచారణ చేసిన ముగ్గురికీ ఫాయిల్ మారిన సంగతి తెలియదు. సరఫరాదారు తనిఖీకి వెళ్లొచ్చిన అతను పూత బరువు గురించి తన నివేదికలో ఒక వాక్యం రాశాడు కూడా. ఈ ఐదుగురూ ఒకే గదిలో కూర్చునేవాళ్లు. కానీ నేను పెట్టిన పద్ధతిలో ప్రతి కాగితమూ ఎవరి బల్ల మీద నుంచైనా నేరుగా నా బల్లకే వస్తుంది. ఐదు కాగితాలూ చేతికి వచ్చిన మనిషి ఫ్యాక్టరీ మొత్తంలో నేనొక్కణ్ణే. ముడి కట్టాల్సింది నేనే, నేను చదవనేలేదు. మిగిలిన స్టాకు అంతా విప్పి మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. తప్పు చేయని ముగ్గురు ఆపరేటర్ల శిక్షణ రికార్డుల్లో ఆ నివేదికలు అలాగే ఉన్నాయి. డబ్బు నష్టం కన్నా అది నన్ను ఎక్కువ బాధించింది.

తర్వాత కూర్చుని నా వారాన్ని లెక్కేశాను. వారానికి 48 గంటలు. ప్లాంటు తిరగడం, మీటింగులు, పైవాళ్లకు నివేదికలు, తనిఖీలు పోగా మిగిలేది సుమారు 22 గంటలు. ఒక డీవియేషన్‌ను సరిగ్గా చదవాలంటే, అంటే మెషిన్ ప్రింటవుట్, లాగ్‌బుక్, పాత నివేదికలు ముందు పెట్టుకుని చదవాలంటే, గంటన్నర పడుతుంది. వారానికి పది వచ్చేవి. అక్కడికే 15 గంటలు. మిగిలిన ఏడు గంటల్లో మార్పు అనుమతులు, వ్యాలిడేషన్ పత్రాలు, ఫిర్యాదులు అన్నీ చూడాలి, పదకొండు మందితో మాట్లాడాలి. అసాధ్యం. అసాధ్యమని నేను ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పుకోలేదు. గంటన్నర చదవాల్సినదాన్ని పది నిమిషాలు చదివి సరిపెట్టాను. ఒక మేనేజరుకు మనుషులు ఎక్కువైతే పని ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. పని ఆగదు, చదవడం ఆగుతుంది. అందుకే అది బయటికి కనబడదు.

ప్యాకింగ్ హాల్‌ను కూడా ఇలాగే లెక్కేసి చూశాను. నలభై మంది, కానీ రోజుకు నా దాకా వచ్చేవి పది పదిహేను విషయాలు, ఒక్కోటి ఐదు నిమిషాలు. అంతా కలిపినా గంటంబావు. కాబట్టి కింద ఎంతమంది ఉన్నారన్నది అసలు లెక్క కాదు. వాళ్ల దగ్గర్నుంచి నేను మాత్రమే తేల్చాల్సినవి ఎన్ని వస్తాయి, ఒక్కోటి తేల్చడానికి ఎంతసేపు పడుతుంది, ఒకరిది ఇంకొకరికి ఎంత తగులుతుంది అన్నదే లెక్క.

ఈ మూడోదాని మీద గ్రైకునాస్ అనే లిథువేనియా మూలాలున్న సలహాదారు 1933లో ఒక లెక్క కట్టారు. మేనేజరుకు, కిందివాళ్లకు, వాళ్లలో వాళ్లకు, గుంపులుగానూ విడివిడిగానూ ఉండగల సంబంధాలన్నీ కలిపితే నలుగురి దగ్గర 44, ఐదుగురి దగ్గర 100, ఆరుగురి దగ్గర 222. పదకొండు మందికి ఆ సూత్రం వేస్తే 11,374 వస్తుంది. ఆ అంకెను చూసి భయపడక్కర్లేదు. అవి ఉండగల సంబంధాలు, రోజూ జరిగేవి కావు. ప్యాకింగ్ హాల్లో అవన్నీ దాదాపు సున్నా. అయితే క్వాలిటీ అష్యూరెన్స్‌లో వాటిలోని ఏదో ఒక్క ముడి, ఫాయిల్‌కూ లీకుకూ మధ్య ఉన్నలాంటిది, ఎక్కడుందో ముందుగా తెలియదు. లిండాల్ ఉర్విక్ అనే ఆయన తర్వాత దీన్ని ఇంకా ఉపయోగపడేలా చెప్పారు. ఒకరి పని ఒకరిలో పెనవేసుకున్నప్పుడు మాత్రమే ఐదుగురికి, మహా అయితే ఆరుగురికి మించొద్దన్నారు. మన ట్రైనింగుల్లో ఆ "ఐదారుగురు" ఒక్కటే మిగిలి, "పెనవేసుకున్నప్పుడు" అనే షరతు ఎగిరిపోయింది.

సరిదిద్దుకోవడం కూడా ఒక్కసారికి కుదరలేదు. ఇద్దరు సీనియర్లను మళ్లీ సెక్షన్ హెడ్‌లను చేశాను. విచారణలు, ఫిర్యాదులు ఒకరికి, మార్పులు, వ్యాలిడేషన్, సరఫరాదారులు ఇంకొకరికి. చివరి సంతకం మాత్రం నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను. పరిస్థితి ఇంకా పాడైంది. ఇదివరకు కాగితం ఒక బల్ల మీద ఆగేది, ఇప్పుడు రెండు బల్లల మీద ఆగడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆ సెక్షన్ హెడ్‌లలో ఒకామె మొహమాటం లేకుండా అనేసింది: "సార్, నేను చదివి ఇచ్చినా మీరు మళ్లీ మొదట్నుంచి చదువుతారు. చదవకుండా ఇచ్చినా చదువుతారు. ఇంక నేను చదవడం ఎందుకండీ?" ఆమె మాటకు నా దగ్గర సమాధానం లేదు.

అప్పుడు ఎస్ఓపీ మార్చాం. డీవియేషన్లు మా దగ్గర మూడు రకాలు: మైనర్, మేజర్, క్రిటికల్. మైనర్ వాటికి చివరి సంతకం సెక్షన్ హెడ్‌దే, నా దాకా రానే రావు. వచ్చేవాటిలో మూడింట రెండు వంతులు మైనరే కాబట్టి, ఆ ఒక్క మార్పుతో నాకు వారానికి పది గంటలు చేతికొచ్చాయి. అదుపు తప్పకుండా నెలకోసారి వాళ్లు ముగించినవాటిలో కొన్నింటిని ఏరి చదివేవాణ్ణి. ఇద్దరు సెక్షన్ హెడ్‌లూ నేనూ వారానికోసారి కూర్చుని ఆ వారం ఏం మారింది, ఏం తప్పింది అని రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం. ఫాయిల్‌లాంటి ముడి పట్టుకోవడానికి అరగంట చాలు, ఆ రెండు జాబితాలూ ఒకేచోట ఉంటే. పత్రాలు చూసే ఆయన మాత్రం నేరుగా నా కిందే ఉన్నారు. అలా నాకు నేరుగా మిగిలింది ముగ్గురే.

ముగ్గురే అంటే హాయి అనుకోకండి. అక్కడ ఇంకో రోగం ఉంది. తీరిక దొరికాక నేను వాళ్ల నివేదికల్లో కామాలు దిద్దడం మొదలుపెట్టాను. వాళ్లు ఫోన్‌లో ఎవరితో మాట్లాడాలో కూడా చెప్పసాగాను. నేరుగా చూసేవాళ్లు తక్కువైనప్పుడు మేనేజరు ఖాళీ సమయం కిందివాళ్ల నెత్తిన పడుతుంది. కొన్నాళ్లకు శిక్షణా, పత్రాలూ చూసే పనిని ఇద్దరికి విడదీసి, కొత్తగా వచ్చిన ఇద్దరిని నేనే నేరుగా చూసుకున్నాను. ఆరుగురు అయ్యాక నాకు కుదురు చిక్కింది. కొత్తవాళ్లకు కూడా రోజూ కాసేపు కేటాయించగలిగాను. పదకొండు మంది ఉన్న రోజుల్లో అన్నిటికన్నా నష్టపోయింది కొత్తగా చేరినవాళ్లే. గట్టిగా అడగలేరు కాబట్టి వాళ్ల వంతు ఎప్పుడూ రేపటికి పోయేది.

ఇదంతా నిలకడగా నడిచే ఫ్యాక్టరీ సంగతి. ఏం జరుగుతుందో తెలియనిచోట అంకె ఇంకా తగ్గుతుంది. 1970లో కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో ఎవరు ఎవరికి చెప్పాలో తెలియక జరిగిన గందరగోళం తర్వాత అక్కడ రూపొందించిన అత్యవసర వ్యవస్థలో ఒక్కరి కింద ముగ్గురి నుంచి ఏడుగురు, వీలైతే ఐదుగురు అని నియమం పెట్టుకున్నారు. మన జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలకూ ఆ పద్ధతే మూలం. నిప్పు దగ్గర ఎస్ఓపీ సగం ప్రశ్నలకే జవాబిస్తుంది, మిగతా సగం పైవాడినే అడగాలి. మా ప్లాంటులో కూడా మందు వెనక్కి తెప్పించే పరిస్థితి వస్తే ఆ రెండు రోజులు నేను నలుగురితో మాత్రమే మాట్లాడాలని రాసి పెట్టుకున్నాం.

మీరు ఇప్పటికే ఎవరినో నడుపుతున్నవాళ్లయితే ఒక పని చేయండి. గత నెలలో మీరు సంతకం పెట్టిన నివేదికలు ఒక ఇరవై తీయండి. కారణం అనే గడిలో "ఆపరేటర్ పొరపాటు", పరిష్కారం అనే గడిలో "మళ్లీ శిక్షణ" ఎన్నింటిలో ఉన్నాయో లెక్కపెట్టండి. ఆఫీసు పనైతే "మాట్లాడి చెప్పాం", "ఇకమీదట జాగ్రత్త వహిస్తాం" లాంటివి వెతకండి. సగానికి మించి అవే ఉంటే, మీ మనుషులు సోమరులు కారు, మీరు చదవడం లేదు. ఆ తర్వాత మీకు ఇంకొక మనిషిని ఇస్తామని పైనుంచి ఎవరైనా వస్తే, ఆ మనిషి జీతమెంత, అనుభవమెంత అని తర్వాత అడగొచ్చు. ముందు ఇది అడగండి: ఈ మనిషి వచ్చాక ఏ కాగితం మీద నా సంతకం అక్కర్లేకుండా చేస్తారు? ఏదీ లేదంటే, ఆ మనిషిని వద్దని చెప్పండి.